60,400 రూపాయల వివరణ: మళ్లీ రాసే ముందు మళ్లీ లెక్క కట్టండి

ప్రశ్న: ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. పిత్తాశయంలో రాళ్లకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దావిడ బిల్లు 1,41,400 అయింది. క్యాష్‌లెస్‌లో, బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే టీపీఏ 81,000 మాత్రమే మంజూరు చేసింది. మిగతా 60,400 వాళ్ల అబ్బాయి కట్టి డిశ్చార్జి చేయించుకున్నారు. మూడో రోజు వచ్చి రాతపూర్వకంగా వివరణ అడిగితే ఇలా రాసి ఇచ్చాను: "పేషెంటు అర్హతకు మించిన గదిని ఎంచుకున్నందున పాలసీ నిబంధనల ప్రకారం ప్రపోర్షనేట్ డిడక్షన్ 54,000, నాన్ మెడికల్ 6,400 బీమా సంస్థ తగ్గించినది. ఇందుకు ఆసుపత్రి బాధ్యత వహించదు." ఆయన చదివి, "నేను అడిగింది ఇందులో లేదు" అని కాగితం నా బల్ల మీదే వదిలేసి వెళ్లారు. మర్యాదగా, అర్థమయ్యేలా మళ్లీ రాయమని మా మేనేజరు అంటున్నారు. ఎలా రాయాలి? పాలసీ 3 లక్షలది, గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం. వాళ్లు తీసుకున్నది రోజుకు 5,000 సింగిల్ రూము, నాలుగు రోజులు. గది 20,000, డాక్టర్ల ఫీజులు 48,000, ఆపరేషన్ థియేటర్ 22,000, మందులు 31,000, పరీక్షలు 14,000, ఇతరములు 6,400. బిల్లు, టీపీఏ లెటరు, పాలసీ పేజీలు, మా టారిఫ్ పట్టిక, గది తీసుకునేటప్పుడు వాళ్లు సంతకం చేసిన పత్రం పేర్లు కొట్టేసి జతచేశాను.

జవాబు:

మీ నోటులో అమర్యాద పెద్దగా లేదు. లేనిది లెక్క. మాటలు ఎంత మెత్తబరిచినా, 54,000 ఎలా వచ్చిందో చెప్పనంత వరకు ఆ అబ్బాయి కాగితాన్ని మళ్లీ మీ బల్ల మీదే వదిలేస్తారు. అందుకే పెన్ను పక్కన పెట్టి కాలిక్యులేటర్ తీయండి. మీరు జతచేసిన కాగితాలు రెండుసార్లు చూశాను. ఈ 60,400లో కుటుంబం నిజంగా భరించాల్సింది నా లెక్కకు 30,900 మాత్రమే. మిగతాది ఎక్కడుందో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఆయన అడుగుతున్నది ఏమిటో ఆలోచించండి. నోటితో అడిగారో లేదో గానీ, ఆయన మనసులో ఉన్న లెక్క ఇది: పాలసీ రోజుకు 3,000 ఇస్తుంది, గది 5,000, తేడా 2,000, నాలుగు రోజులకు 8,000. ఎనిమిది వేలు పోవాల్సిన చోట యాభై నాలుగు వేలు ఎలా పోయాయి? ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చున్నాను. గది పరిమితి దాటిన ప్రతి కుటుంబమూ ఇదే ప్రశ్నతో వచ్చింది. "ప్రపోర్షనేట్ డిడక్షన్" అనే రెండు మాటలు ఈ ప్రశ్నకు జవాబు కావు. అవి ఆ జవాబుకు మనవాళ్లు పెట్టుకున్న పేరు మాత్రమే.

అసలు సంగతి ఇది. చాలా ఆసుపత్రుల్లో గది మారితే గది అద్దె ఒక్కటే మారదు. అదే సర్జన్, అదే ఆపరేషన్, కానీ జనరల్ వార్డులో ఒక ఫీజు, ఇద్దరు పంచుకునే గదిలో ఇంకొకటి, సింగిల్ రూములో మరొకటి. కాబట్టి గది పరిమితి పెట్టిన బీమా సంస్థ, ఆ గదిని అంటిపెట్టుకుని పెరిగిన ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. 5,000 గదికి 3,000 పరిమితి అంటే అరవై శాతం. గదికి అరవై శాతం ఇచ్చినట్టే డాక్టర్ ఫీజుకూ అరవై శాతమే ఇస్తుంది. తెలుగులో దీన్ని దామాషా కోత అనండి, వినేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు టీపీఏ ఏం చేసిందో చూడండి. మొత్తం బిల్లు 1,41,400లోంచి ఇతరములు 6,400 తీసేసింది. మిగిలింది 1,35,000. దాన్ని గంపగుత్తగా అరవై శాతం చేసింది. 81,000 వచ్చింది. మందులకూ అరవై శాతమే, రక్తపరీక్షలకూ అరవై శాతమే. తప్పు ఇక్కడే ఉంది. మీరు జతచేసిన పాలసీ పేజీల్లో "అనుబంధ వైద్య ఖర్చులు" అనే నిర్వచనం చూడండి. దామాషా కోత ఆ అనుబంధ ఖర్చులకే వర్తిస్తుందనీ, అందులోకి మందులు, వాడి పారేసే సామగ్రి, ఇంప్లాంట్లు, రోగ నిర్ధారణ పరీక్షలు రావనీ స్పష్టంగా ఉంది. 2020లో బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల తర్వాత పాలసీల్లోకి వచ్చిన మాట అది. కారణం కూడా సబబైనదే. సింగిల్ రూములో పడుకున్నంత మాత్రాన యాంటిబయాటిక్ ఇంజెక్షన్ ధర పెరగదు. ఐసీయూ ఛార్జీలకు కూడా ఈ కోత వర్తించదు, మీ కేసులో ఐసీయూ లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

మందులు 31,000, పరీక్షలు 14,000 కలిపి 45,000. అందులో నలభై శాతం, అంటే 18,000, కోయకూడని చోట కోశారు.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది చూడరు. ఆసుపత్రి గదిని బట్టి రేటు మార్చని ఖర్చుకు దామాషా కోత వేయకూడదు. ఈ మాట కూడా ఆ నిర్వచనం కిందే, మీ పాలసీ పేజీలో అడుగున ఉంది. ఇప్పుడు మీ టారిఫ్ పట్టిక తీయండి. డాక్టర్ ఫీజుల వరుసలో గదికో రేటు ఉంది. ఆపరేషన్ థియేటర్ వరుసలో మాత్రం జనరల్ వార్డు నుంచి సింగిల్ రూము దాకా ఒకటే అంకె, 22,000. పేషెంటు ఏ గదిలో ఉన్నా థియేటర్‌కు అదే డబ్బు తీసుకుంటున్నప్పుడు, గది వల్ల ఆ ఖర్చు పెరిగిందనడానికి ఆధారం లేదు. అక్కడ కోసిన 8,800 కూడా అడగదగినదే. అయితే టీపీఏ వాళ్లకు మీ టారిఫ్ నోటికి రాదు. వాళ్ల సాఫ్ట్‌వేర్ నిష్పత్తి ఒకటి వేసి అన్ని వరుసలకూ ఒకే దెబ్బ కొడుతుంది. థియేటర్ రేటు ఒకటేనని రుజువు చూపించగలిగింది మీరే, కుటుంబం కాదు. అందుకే "ఆసుపత్రి బాధ్యత వహించదు" అన్న వాక్యం చదివి నాకు కొంచెం బాధ కలిగింది.

అంటే 54,000లో సరైన కోత గదికి 8,000, డాక్టర్ ఫీజులకు 19,200, మొత్తం 27,200. మిగతా 26,800 మళ్లీ పరిశీలించమని అడగాలి.

డాక్టర్ ఫీజుల దగ్గర ఒక చిక్కు ఉంది. ఆ అబ్బాయి లెక్క తెలిసిన మనిషిలా ఉన్నారు, దీన్ని పట్టుకునే అవకాశం ఉంది కాబట్టి ముందే సిద్ధంగా ఉండండి. మీ టారిఫ్ ప్రకారం 3,000 గదిలో ఉంటే ఇదే ఆపరేషన్‌కు డాక్టర్ ఫీజులు 40,000 అయ్యేవి. దామాషా ప్రకారం బీమా ఇచ్చేది 28,800. "మా అమ్మ ఆ గదిలోనే ఉండి ఉంటే 40,000 మొత్తం వచ్చేది కదా, మిగతా 11,200 ఏమైంది?" అంటారు. నిజమే, ఇది అన్యాయంగానే కనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ పాలసీలో రాసుకున్నది నిష్పత్తి, టారిఫ్ తేడా కాదు. దీన్ని సమర్థించడానికి ప్రయత్నించకండి, తిరిగి వస్తుందని ఆశ కూడా పెట్టకండి. పాలసీలో ఉన్న వాక్యం చూపించి, ఇది ఇలా రాసి ఉంది అని చెప్పండి, చాలు.

ఇక 6,400. మీ బిల్లులో దీనికి "ఇతరములు" అని పేరు పెట్టారు. నా తొలి రోజుల్లో ఒక విశ్రాంత తెలుగు మాస్టారికి నేనూ ఇలాంటి నోటే ఇచ్చాను. మర్నాడు ఆయన దాన్ని ఎర్ర సిరాతో దిద్ది తెచ్చారు. "తగ్గించినది" కింద గీత గీసి "ఎవరు?" అని, "నిబంధనల ప్రకారం" పక్కన "ఏ నిబంధన?" అని, "ఇతరములు" చుట్టూ సున్నా చుట్టి "ఏవి?" అని రాశారు. అడుగున పదికి రెండు మార్కులు వేశారు. ఆ రెండూ దస్తూరీకట. ఆ కాగితం చాలా ఏళ్లు నా డ్రాయర్‌లోనే ఉంది. ఈ రోజుకీ వివరణ రాశాక ఆ మూడు ప్రశ్నలు వేసుకునే సంతకం పెడతాను.

మరి ఏవి? మీ వివరాల పట్టికలో పది వరుసలు ఉన్నాయి. చేతి తొడుగులు 1,150, ఈసీజీ ఎలక్ట్రోడ్లు 350, సేఫ్టీ కాన్యులా 420, పొట్టకు కట్టే బెల్టు 680, సహాయకుల భోజనం 1,100. ఈ అయిదూ కలిపి 3,700. ఐఆర్‌డీఏఐ చెల్లించనక్కర్లేని వస్తువులను నాలుగు జాబితాలుగా విడదీసింది. ఈ అయిదూ మొదటి జాబితాలోవి. పాలసీతో పాటు వీటికి ప్రత్యేకంగా రైడర్ తీసుకుంటే తప్ప బీమా సంస్థ ఇవ్వదు, పేషెంటే కట్టాలి. మీ కేసులో రైడర్ లేదు.

మిగతా అయిదు వేరు. అడ్మిషన్ కిట్ 750, ఫైలు, డాక్యుమెంటేషన్ ఛార్జీలు 600, చేతికి కట్టే గుర్తింపు పట్టీ 100 రెండో జాబితాలో ఉన్నాయి. అవి గది ఛార్జీల్లో కలిసే ఉన్నాయని లెక్క. ల్యాప్రోస్కోపీ కెమెరా కవరు 650, సర్జికల్ బ్లేడు, గాజుగుడ్డ 600 మూడో జాబితాలోవి, అంటే ఆపరేషన్ ఖర్చులో కలిసిపోయినవి. మొత్తం 2,700. బీమా సంస్థ వీటిని కోసింది "ఇవి పేషెంటు కట్టాలి" అని కాదు, "ఇవి ఇదివరకే గదిలోనూ థియేటర్‌లోనూ తీసుకున్నారు, రెండోసారి అడగకండి" అని. నేను చూసిన నెట్‌వర్క్ ఒప్పందాల్లో ఈ వస్తువులను పేషెంటు దగ్గర విడిగా వసూలు చేయకూడదనే షరతు ఉంది. మీ ఒప్పందం కాగితాలు అకౌంట్స్ దగ్గర ఉంటాయి, ఆ పేజీ తీసి చూసుకోండి. షరతు ఉంటే ఈ 2,700 వెనక్కి ఇవ్వాల్సిందే. ఇచ్చే తీరు కూడా ముఖ్యం. పాత బిల్లును తెరిచి అంకెలు దిద్దకండి. దాని మీద ఇప్పటికే క్లెయిము నడిచింది. ఒక క్రెడిట్ నోటు వేసి, రిఫండ్ రసీదు ఇవ్వండి. ఆ అయిదింటికీ టీపీఏ ఒక్క రూపాయీ ఇవ్వలేదు కాబట్టి క్లెయిము మీద దీని ప్రభావం ఉండదు.

ఇదే తోవలో ఇంకో మాట. అప్రూవల్ లెటరులో ఎప్పుడైనా "నెట్‌వర్క్ డిస్కౌంటు" అని ఒక వరుస కనిపిస్తే, అది మీ ఆసుపత్రి బీమా సంస్థకు ఇచ్చిన తగ్గింపు. దాన్ని పేషెంటు వాటాలో కలిపి వసూలు చేయడం నేను కొన్నిచోట్ల చూశాను. మీ లెటరులో ఆ వరుస లేదు, కానీ ప్రతిసారీ వెతకండి.

ఇప్పుడు టీపీఏకు మెయిలు. కుటుంబానికి కాగితం ఇచ్చే ముందే ఇది వెళ్లాలి, ఎందుకంటే "అడుగుతాం" అని రాయడానికీ "ఫలానా తేదీన అడిగాం" అని రాయడానికీ చాలా తేడా ఉంది. క్లెయిము నంబరు వేసి, రెండే విషయాలు రాయండి. పాలసీ నిర్వచనం ప్రకారం మందులు, పరీక్షలు అనుబంధ ఖర్చుల్లోకి రావు, వాటిపై కోసిన 18,000 పునఃపరిశీలించండి. థియేటర్ ఛార్జీ అన్ని గదులకూ ఒకటే, టారిఫ్ పేజీ జతచేశాం, దానిపై కోసిన 8,800 పునఃపరిశీలించండి. చివర ఒక వాక్యం కలపండి: ఏ భాగాన్నైనా నిరాకరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో తెలియజేయగలరు. ఇది మీరు కోరే దయ కాదు. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిములో కొంత భాగం నిరాకరించినా సరే, పాలసీలోని ఏ షరతు వల్లనో బీమా సంస్థ చెప్పాలి. మీకు వచ్చిన లెటరులో "పాలసీ నిబంధనల మేరకు" అని మాత్రమే ఉంది. వాళ్ల వాక్యాన్నే మీరు మీ నోటులోకి దించారు. మాస్టారు ఉండి ఉంటే ఇద్దరికీ ఒకటే మార్కు వేసేవారు.

కుటుంబానికి ఇచ్చే కాగితం నేనైతే ఇలా రాస్తాను. పేర్లు, తేదీలు మీరు నింపుకోండి.

"శ్రీ ........ గారికి,

మీ అమ్మగారి ఆపరేషన్ బిల్లులో మీరు కట్టిన 60,400 రూపాయలు దేనికి అయ్యాయో, అందులో ఎంత తిరిగి రావచ్చో ఇక్కడ రాస్తున్నాం. మొన్న మేము ఇచ్చిన నోటులో ఈ వివరాలు లేవు. దాని బదులు దీన్ని తీసుకోగలరు.

మొదటిది, 2,700 రూపాయలు మీకు తిరిగి ఇస్తున్నాం. అడ్మిషన్ కిట్, ఫైలు ఛార్జీలు, గుర్తింపు పట్టీ, కెమెరా కవరు, సర్జికల్ బ్లేడు, గాజుగుడ్డ గది ఛార్జీల్లోనూ ఆపరేషన్ ఛార్జీల్లోనూ కలిసి ఉండేవి. వాటిని విడిగా తీసుకున్నాం. క్రెడిట్ నోటు జతచేశాం.

రెండోది, 26,800 రూపాయలను మళ్లీ పరిశీలించమని ........ తేదీన టీపీఏకు రాశాం, ప్రతి జతచేశాం. ఇందులో 18,000 మందులు, పరీక్షల మీద తగ్గించినది. 8,800 ఆపరేషన్ థియేటర్ ఛార్జీ మీద తగ్గించినది. మీ పాలసీలోని నిర్వచనం ప్రకారం ఈ రెండింటికీ తగ్గింపు వర్తించదని మా అభిప్రాయం. నిర్ణయం బీమా సంస్థది. జవాబు వచ్చిన రోజే మీకు ఫోను చేస్తాం.

మూడోది, 30,900 రూపాయలు మీ పాలసీ ప్రకారం మీరు భరించాల్సినవి. మీ పాలసీ గదికి రోజుకు 3,000 దాకా ఇస్తుంది. గది అద్దె 5,000. అంటే పాలసీ ఇచ్చేది అందులో అరవై శాతం. మా ఆసుపత్రిలో డాక్టర్ల ఫీజులు గదిని బట్టి మారతాయి కాబట్టి వాటికి కూడా పాలసీ అరవై శాతమే ఇస్తుంది. అందువల్ల గది అద్దె 20,000లో 8,000, డాక్టర్ల ఫీజులు 48,000లో 19,200 మీ వంతుకు వచ్చాయి. చేతి తొడుగులు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, సేఫ్టీ కాన్యులా, పొట్ట బెల్టు, సహాయకుల భోజనం కలిపి 3,700. వీటిని పాలసీ ఇవ్వదు.

మీరు కూడా నేరుగా బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయవచ్చు. అందుకు కావలసిన బిల్లు, మందుల బిల్లులు, పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ, మీరు కట్టిన రసీదు, టీపీఏ లెటరు ప్రతులు మా ముద్ర వేసి దీనితో ఇస్తున్నాం.

ఏ వరుస గురించైనా సందేహం ఉంటే ........ నంబరుకు ఫోను చేసి ........ గారిని అడగండి."

ఈ క్రమం కావాలనే పెట్టాను. తిరిగి ఇచ్చేది ముందు, అడుగుతున్నది తర్వాత, కట్టాల్సింది చివర. కోపంతో ఉన్న మనిషి మొదటి మూడు వరుసలే చదువుతారు. అక్కడ మీ వైపు సవరణ కనిపిస్తే మిగతాది చదవడానికి కూర్చుంటారు. మీ లీగల్ వాళ్లు "విడిగా తీసుకున్నాం" అన్న మాట కొట్టేయమనవచ్చు. "తిరిగి ఇస్తున్నాం" అన్నది ఉంచితే అది పోయినా నష్టం లేదు.

"అర్హతకు మించిన గది" అన్న మాట మాత్రం ఎప్పుడూ రాయకండి. పాలసీ పరిమితి గది అద్దెకు, పేషెంటుకు కాదు. ఆపరేషన్ చేయించుకున్న తల్లికి అర్హత లేదని కొడుకు చేతికి రాసిచ్చినట్టు అవుతుంది. గది తీసుకునేటప్పుడు వాళ్లు సంతకం చేసిన అంగీకార పత్రం కూడా చూశాను. "పరిమితి దాటితే అదనపు మొత్తం నేను భరిస్తాను" అని ఉంది, అంకె ఒక్కటీ లేదు. ఆ సంతకాన్ని ఆయనకు ఎదురు చూపించి గెలవాలని చూడకండి. రోజుకు రెండు వేలు అనుకుని పెట్టిన సంతకం అది. మీ అడ్మిషన్ కౌంటర్‌లో ఆ పత్రం మీద "ఈ గదికి డాక్టర్ ఫీజుల్లో కూడా ఇంత శాతం మీరే కట్టాలి" అని ఒక వరుస చేతితో రాయించగలిగితే ఈ గొడవల్లో సగం మీ దాకా రావు.

ఒక హెచ్చరిక. ఈ లెక్క విన్నాక చాలామంది అడిగేది ఒకటుంది: "గది అద్దె 3,000 అని బిల్లు మార్చి ఇవ్వండి, తేడా మేము విడిగా కడతాం." మర్యాదగా కుదరదని చెప్పండి. అది తప్పుడు బిల్లు. పట్టుబడితే క్లెయిము మొత్తం పోతుంది, మీ ఆసుపత్రి నెట్‌వర్క్‌లోంచి పోతుంది, సంతకం చేసిన మీ ఉద్యోగం పోతుంది. డిశ్చార్జి సమ్మరీలో తేదీలు, రోగ నిర్ధారణ మార్చమన్నా ఇదే జవాబు.

టీపీఏ ఒప్పుకుంటే డబ్బు రెండు దారుల్లో రావచ్చు. సవరించిన అప్రూవల్ మీకు పంపితే డబ్బు ఆసుపత్రి ఖాతాకు వస్తుంది, మీరు కుటుంబానికి వాపసు చేస్తారు. లేదా కుటుంబం కట్టిన రసీదులు తీసుకుని బీమా సంస్థే పాలసీదారు ఖాతాలో వేస్తుంది. ఏ దారో మెయిలులోనే అడగండి. ఒకే మొత్తానికి రెండు దారుల్లోనూ కాగితాలు వెళ్తే రెండూ ఆగిపోతాయి. అందుకే ఆ అబ్బాయి విడిగా రాసేటట్టయితే మీ మెయిలు తేదీని అందులో పేర్కొనమనండి. క్యాష్‌లెస్‌లో అసలు కాగితాలు మీ ద్వారా టీపీఏకు వెళ్లిపోతాయి కాబట్టి, మీరు ముద్ర వేసి ఇచ్చే ప్రతులు లేకుండా ఆయన ఎక్కడా ఏమీ అడగలేరు. వాటిని వాళ్లు అడిగే వరకు ఆగకండి.

ఒప్పుకోకపోతే? మందులు, పరీక్షల మీద 18,000 నిలబడుతుందని నాకు గట్టి నమ్మకం, నిర్వచనం అంత స్పష్టంగా ఉంది. థియేటర్ 8,800 మీద మొదటిసారి "కుదరదు" అనే అవకాశం ఉంది. అక్కడి నుంచి దారి కుటుంబానిది. బీమా సంస్థకు ఫిర్యాదు చేసి నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, బీమా సంస్థ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ ముఖ్యంగా పనికొచ్చే కాగితం మీ టారిఫ్ పట్టికలో ఆ థియేటర్ వరుస ఉన్న పేజీయే. ముద్ర వేసి ఇవ్వడానికి మీ మేనేజరు జంకితే, అది రిసెప్షన్‌లో అందరికీ కనిపించేలా ఉంచాల్సిన రేట్ల పట్టికేనని గుర్తు చేయండి.

టీపీఏ జవాబు ఏదైనా సరే, ఆ రోజు వివరణ మొత్తం తిరగరాయకండి. రెండో భాగం ఒక్కటే మార్చి, కొత్త తేదీ వేసి, పాతదాని ప్రతితో కలిపి ఇవ్వండి. ఆయన చేతిలో రెండు కాగితాలూ పక్కపక్కన ఉంటే ఏ అంకె మారిందో, ఎందుకు మారిందో మీరు చెప్పకుండానే తెలుస్తుంది.